పూజారి కనబడని సిరిమాను

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం సాయంత్రం నుంచి పైడితల్లమ్మ సిరిమానోత్సవం వీడియోలు ఫోన్ల నిండా తిరుగుతాయి. విజయనగరంలో ఉన్నవాళ్లూ చూస్తారు, ఊరు వదిలి వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువ చూస్తారు. అందులో చాలా వీడియోల్లో జనం కనబడతారు, మాను కనబడుతుంది, మాను కొసన కూర్చున్న పూజారి మాత్రం కనబడరు. తీసినవాళ్లు ఆయన్ని వదిలేశారని కాదు. వాళ్ల ఫోన్లో అసలు ఫైలు తెరిచి చూస్తే ఆయన నిక్షేపంగా పైన కూర్చునే ఉంటారు. అప్‌లోడ్ చేశాక ఫీడులో మాయమవుతారు.

నేను వీడియో ఎడిటింగ్ చేసి బతుకుతున్నవాణ్ణి. పెళ్లిళ్లు, జాతరలు, అప్పుడప్పుడూ ఊళ్ల మీద తప్పెటగుళ్ళ బృందాల ప్రదర్శనలు. ఈ పనిలో ఇప్పుడు సగం గొడవ ఆకారం గురించే. నిలువుగా తియ్యాలా, అడ్డంగానా, చదరంగానా అని అందరూ అడుగుతారు. తీసినదాన్ని ఏ యాప్ ఎక్కడ కోస్తుంది, ఎక్కడ కొయ్యకుండా పట్టీలు వేస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. నా వాదన మొదటే చెప్పేస్తాను. నల్ల పట్టీలను చూసి మనం భయపడుతున్నాం గానీ, భయపడాల్సింది కోతకి. పట్టీ వేస్తే బొమ్మ చిన్నదవుతుంది, అంతే. కోస్తే బొమ్మలో ఏదో పోతుంది, ఏం పోయిందో చూసేవాడికి తెలిసే దారి ఉండదు.

ప్రతి ఫీడులోనూ వీడియో కోసం ఒక పెట్టె ఉంటుంది, దానికో ఆకారం ఉంటుంది. మీ వీడియో ఆకారం ఆ పెట్టెకి సరిపోకపోతే యాప్ చెయ్యగలిగినవి రెండే. మొత్తం బొమ్మని కుదించి పెట్టెలో ఇమడ్చడం, మిగిలిన చోట నల్ల పట్టీలు పెట్టడం ఒకటి. పెట్టె నిండేదాకా బొమ్మని పెంచి, బయటికి వచ్చినదాన్ని కోసెయ్యడం రెండోది. ఎడిటింగ్ యాపుల్లో ఫిట్, ఫిల్ అని కనబడే బటన్లు ఇవే. చిక్కేమిటంటే ఒకే యాప్ ఒకచోట మొదటి పని చేస్తుంది, ఇంకోచోట రెండో పని చేస్తుంది. రీల్ తెరిచి చూస్తే ఒక ఆకారం, హోమ్ ఫీడులో ఇంకో ఆకారం, ప్రొఫైల్లో మూడు వరసలుగా పేర్చిన గళ్లలో మరో ఆకారం. కోసేటప్పుడు సాధారణంగా బొమ్మ నడుమ భాగాన్ని ఉంచి అంచుల్ని సమానంగా తీసేస్తుంది. అమ్మవారు ఎక్కడుందో, పూజారి ఎక్కడున్నారో దానికి తెలియదు. నడుము ఎక్కడుందో మాత్రమే తెలుసు.

సిరిమానుకి సరిగ్గా ఇక్కడే దెబ్బ పడుతుంది. 60 అడుగుల దాకా ఉండే మాను. మొదలు బండి మీద, కొస గాలిలో. చూడాల్సినవి రెండూ రెండు చివర్లలో ఉంటాయి. నడుమ ఉండేది ఉట్టి మానే.

నిలువు వీడియోతో మొదలుపెడతాను, అందరూ తీసేది అదే కాబట్టి. ఫోను నిలువుగా పట్టుకుని తీస్తే మామూలుగా వచ్చేది 9:16, అంటే వెడల్పు 1080 పిక్సెళ్లు, ఎత్తు 1920. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర జనంలో నిలబడి తీసినవాడు ఏం చేస్తాడు? పూజారి తల ఫ్రేము పై అంచుకి దగ్గరగా, బండి కింది అంచుకి దగ్గరగా వచ్చేలా సరిపెట్టుకుంటాడు. ఫ్రేము నిండుగా ఉందని సంతోషిస్తాడు కూడా. పైనుంచి పిక్సెళ్ల వరసలు లెక్కపెడితే పూజారి తల 200వ వరసలో ఉందనుకుందాం, బండి చక్రాలు 1700 దగ్గర. రీల్ తెరిచి చూసినంతసేపూ ఇబ్బంది లేదు, అంతా కనబడుతుంది.

ఇప్పుడు అదే వీడియో హోమ్ ఫీడులోకి రావాలి. ఫేస్‌బుక్ 2019 ఆగస్టులో మొబైల్ ఫీడులో ఫొటోలకీ వీడియోలకీ గరిష్ఠ ఎత్తుని 4:5కి తగ్గించింది. అంతకుముందు 2:3 దాకా వదిలేది. ఇన్‌స్టాగ్రామ్ ఫీడుకి కూడా చాలాకాలంగా అలవాటైన నిలువు ఆకారం 4:5. అంటే 1080 వెడల్పుకి 1350 ఎత్తు. మన 1920లో 570 వరసలు పోవాలి, పైన 285, కింద 285. మిగిలేది 285వ వరస నుంచి 1635వ వరస దాకా. పూజారి తల 200లో ఉంది కదా, పోయింది. బండి చక్రాలు 1700లో ఉన్నాయి, అవీ పోయాయి. ఫీడులో వేలు జరుపుకుంటూ వెళ్లేవాడికి కనబడేది గాలిలో వంపు తిరిగిన ఒక దుంగ, కింద తలకాయలు. అతను దాన్ని నొక్కి తెరిస్తేనే పూజారి కనబడతారు. కానీ నొక్కాలనిపించేది ఆయన కనబడితేనే కదా.

ప్రొఫైల్ గళ్లలో ఇంకో లెక్క. ఇన్‌స్టాగ్రామ్‌లో ఏళ్ల తరబడి అవి చదరంగా ఉండేవి. 2025 జనవరి నుంచి నిలువుగా 3:4 అయ్యాయి. చదరంగా ఉన్నప్పుడు 9:16 వీడియోలో పైనా కిందా 420 వరసల చొప్పున పోయేవి, ఇప్పుడు 240 చొప్పున పోతున్నాయి. కొంత నయమే. అయితే చదరపు గళ్లని దృష్టిలో పెట్టుకుని కవర్ మీద పేర్లు రాసుకున్న పాత పేజీలన్నీ ఒక్కసారిగా ఆకారం మారి వింతగా తయారయ్యాయి. గళ్లలో కవర్ ఎక్కడ కొయ్యాలో మనం వేలితో జరిపి చెప్పుకోవచ్చు. హోమ్ ఫీడులో ఆ కోత నడుమనే పడుతుంది.

కోత కాకుండా కప్పెయ్యడం ఇంకొకటుంది. రీల్ నిండుగా తెరిచినప్పుడు కింద పేజీ పేరు, రాసిన రెండు ముక్కలు, పాట పేరు, కుడిపక్క లైకు, షేరు బటన్లు వచ్చి కూర్చుంటాయి. రీల్స్‌లో ప్రకటనలు వేసేవాళ్లకి మెటా చెప్పే లెక్క ప్రకారం పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున ముఖ్యమైనవేవీ పెట్టకుండా వదిలెయ్యాలి. కింద 35 శాతం అంటే 672 వరసలు. పైన 4:5 కోతనీ, కింద ఈ కప్పునీ కలిపి చూస్తే, ఎక్కడా ఏమీ కాకుండా బతికే భాగం సుమారు 285 నుంచి 1248 వరస దాకా. మొత్తం ఫ్రేములో సగం. నిలువు వీడియో అంటే తెర అంతా మనదే అనుకుంటాం గానీ, నమ్మకంగా మనదయ్యేది ఆ సగమే.

దీనికి విరుగుడు కష్టమైనదేం కాదు, ఇష్టం లేనిది. వెనక్కి జరగాలి. 1920లో పట్టించినదాన్ని 1350లో పట్టించాలంటే దూరం దాదాపు 1.4 రెట్లు కావాలి. 20 మీటర్ల దూరంలో ఉన్నవాడు 28 మీటర్లకి వెళ్లాలి. సిరిమాను రోజున ఆ జనంలో ఎనిమిది మీటర్లు వెనక్కి వెళ్లడమంటే మాటలా? అందుకని చాలామంది ఫోనులో వైడ్ లెన్సుకి మారతారు. మారొచ్చు, కానీ ఆ లెన్సు మూలల్ని సాగదీస్తుంది. పూజారి మూలకి వస్తే ఆయన ఒళ్లు పొడుగ్గా లాగినట్టు వస్తుంది, తిన్నని మాను కూడా వాలిపోతున్నట్టు కనబడుతుంది. వైడ్ లెన్సు వాడితే కొసని మూలలో పెట్టకుండా నడుమకి కాస్త పైన ఉంచుకోవాలి. తీసేటప్పుడు ఫ్రేములో పైన ఆకాశం, కింద రోడ్డు అనవసరంగా ఎక్కువైపోయినట్టు అనిపిస్తుంది. అలా అనిపించాలి. యాప్ కోసేది ఆ అనవసరాన్నే.

ఇక్కడే ఇంకో మాట. పైకి చూస్తూ తీసేటప్పుడు ఫోను దాదాపు వెల్లకిలా అవుతుంది. ఫోను నిలువుగా ఉందా అడ్డంగా ఉందా అన్నది గురుత్వాకర్షణ ఏ పక్కకి లాగుతోందో చూసి సెన్సరు తేలుస్తుంది. ఫోను వెల్లకిలా అయితే దానికి ఏ పక్కా తేలదు. రికార్డు నొక్కిన క్షణంలో ఏది అనుకుందో అదే ఫైలు మీద గుర్తుగా పడిపోతుంది, ఆ తర్వాత మీరు ఎటు తిప్పినా మారదు. సిరిమాను పడుకున్నట్టు వచ్చే వీడియోలకి కారణం ఇదే. ముందు ఫోనుని నిటారుగా పట్టుకుని రికార్డు మొదలుపెట్టి, ఆ తర్వాత పైకెత్తితే ఈ బాధ ఉండదు.

ఇప్పుడు అడ్డం వీడియో, అంటే 16:9. నాకు ఇష్టమైనది ఇదే, దాచుకోను. పక్కనుంచి తీస్తే ఎడమవైపు బండి, కుడివైపు పైన పూజారి, ఫ్రేముకి అడ్డంగా ఏటవాలుగా మాను. కోట వైపు మేడ మీద చోటు దొరికితే ఇంతకన్నా మంచి ఫ్రేము ఉండదు. టీవీలో వేస్తే నిండుగా ఉంటుంది. కానీ రీల్స్ తెరలో వేస్తే 1080 వెడల్పులో ఎత్తు 608 మాత్రమే వస్తుంది. 1920 ఎత్తున్న తెరలో మూడో వంతు కూడా కాదు. పైనా కిందా నలుపు. ఫోను తిప్పి చూడమంటే ఎవరూ తిప్పరు. మా మేనల్లుడు ఒక పేజీ నడుపుతాడు. వాడి మాట ఇది: "మావయ్యా, అడ్డం వీడియో ఎవడు చూస్తాడు? పట్టీ చూడగానే వేలు పైకి జరిపేస్తాడు."

వాడు చెప్పేది అబద్ధం కాదు. అందుకే వాడూ వాడిలాంటి వాళ్లూ ఫిల్ నొక్కుతారు. ఏమవుతుందో లెక్క చూడండి. 1920 వెడల్పున్న బొమ్మలో 9:16 కిటికీకి పట్టేది 608 పిక్సెళ్లే. 68 శాతం పోతుంది. ఎడమనుంచి 656 పిక్సెళ్లు, కుడినుంచి 656 పిక్సెళ్లు. నా ఫ్రేములో బండి 350 దగ్గర, పూజారి 1550 దగ్గర ఉంటే, మిగిలేది 656 నుంచి 1264 దాకా, అంటే మాను నడిమి ముక్క. బండీ లేదు, పూజారీ లేరు. పైగా 608 పిక్సెళ్లని 1080కి సాగదీస్తున్నారు కాబట్టి ఆ ముక్క కూడా మసకమసకగా ఉంటుంది. తెర నిండింది, అది నిజమే. దేనితో నిండిందో అడిగితే చెప్పేవాడు లేడు.

ఫిల్ వద్దనుకున్నవాళ్లు ఇంకో పని చేస్తున్నారు. పెళ్లి వీడియోల్లో ఇది మరీ ఎక్కువైంది. అడ్డం బొమ్మని నడుమ పెట్టి, పైనా కిందా అదే బొమ్మని పెంచి మసకచేసి నింపుతారు. కొందరు నల్ల పట్టీలే పెడతారు, వాటి మీద పేర్లూ పువ్వులూ వేస్తారు. రీల్ కోసం ఇలా ఒక ఫైలు విడిగా తయారు చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఆ పట్టీలతో కలిపి ఎగుమతి చేసిన ఫైలునే అసలు ఫైలని ఇంటివాళ్ల చేతిలో పెట్టడమే నా గొడవ. యాప్ వేసే పట్టీ తెరని బట్టి వస్తుంది, పోతుంది. ఫోను అడ్డంగా తిప్పితే పోతుంది, టీవీలో వేస్తే పోతుంది. ఫైల్లో అచ్చు వేసిన పట్టీ ఎక్కడికీ పోదు.

మా బంధువుల పెళ్లికి ఒక స్టూడియో వాళ్లు ఇచ్చిన హైలైట్స్ ఇలాంటిదే. శ్రీకాకుళంలో మా పెదనాన్న గారింట్లో 43 అంగుళాల టీవీ ఉంది. పెన్‌డ్రైవ్ పెట్టి వేశాం. తీసింది అడ్డంగా, పైనా కిందా పట్టీలు వేసి నిలువు ఫైలు చేశారు, దాన్ని అడ్డం టీవీలో వేసేసరికి టీవీ మళ్లీ ఎడమా కుడీ పట్టీలు వేసింది. బొమ్మకి నాలుగు వైపులా నలుపే. అడ్డం బొమ్మని నిలువు ఫైల్లో ఇమిడిస్తే తెరలో 32 శాతం వైశాల్యం మిగులుతుంది. ఆ నిలువు ఫైలుని అడ్డం తెరలో ఇమిడిస్తే అందులో మళ్లీ 32 శాతం. రెండూ కలిపితే 10 శాతం. 43 అంగుళాల టీవీ కొనుక్కున్న మనిషి 14 అంగుళాలు కూడా లేని బొమ్మ చూస్తున్నాడన్నమాట. పెదనాన్న కళ్లజోడు సవరించుకుని, "ఇంత టీవీ ఎట్టుకుని ఈ అగ్గిపెట్టంత బొమ్మేట్రా? పెళ్లికొడుకెవుడో ఆనట్లేదు" అన్నారు. రిమోట్‌లో జూమ్ నొక్కి కొంత పెద్దది చేశాను. టీవీ జూమ్ ఒక హద్దు దాకానే పనిచేస్తుంది.

ఫైల్లో అచ్చయిన పట్టీయా, యాప్ వేసిన పట్టీయా అన్నది తెలుసుకోవడానికి కంప్యూటర్లో ఫైలు లక్షణాలు చూస్తే చాలు. బొమ్మ అడ్డంగా కనబడుతూ ఫైలు కొలత 1080, 1920 అని ఉంటే పట్టీ ఫైల్లోనే ఉందని అర్థం. నల్ల పట్టీలైతే తీసెయ్యొచ్చు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాడేవాళ్లకి ఈ రెండు వరసలు సరిపోతాయి. మొదటిది పట్టీలు ఎక్కడున్నాయో కనిపెట్టి చెబుతుంది, రెండోది అక్కడికి కోస్తుంది.

```
ffmpeg -i in.mp4 -vf cropdetect=round=2 -f null -
ffmpeg -i in.mp4 -vf crop=1080:608:0:656 -c:a copy out.mp4
```

క్రాప్ తర్వాత వచ్చే నాలుగు అంకెలు వెడల్పు, ఎత్తు, ఎడమనుంచి ఎంత, పైనుంచి ఎంత. మొదటి వరస చూపించిన అంకెలే రెండోదాంట్లో వెయ్యాలి, నేను రాసినవి పైన చెప్పిన ఉదాహరణకి. దీనికి రెండు హద్దులున్నాయి. ఇది నలుపునే గుర్తుపడుతుంది, మసక చేసిన పట్టీని గుర్తుపట్టదు, దాన్ని కంటితో కొలుచుకోవాలి. రాత్రి తీసిన తప్పెటగుళ్ళ వీడియోల్లో పైనున్న చీకటి ఆకాశాన్ని కూడా పట్టీ అనుకునే ప్రమాదం ఉంది, కాబట్టి వెలుతురున్న చోట వచ్చిన అంకెల్నే నమ్మాలి. ఇంత చేసినా తిరిగి వచ్చేది 1080కి 608 బొమ్మే. అసలు తీసిన 1920కి 1080లో మూడో వంతు పిక్సెళ్లు కూడా ఉండవు. మిగతావి స్టూడియో కంప్యూటర్లోనే ఉండిపోయాయి, అవి కావాలంటే అక్కడికే వెళ్లి అడగాలి.

పట్టీలు ఫైల్లో కలపొద్దని యూట్యూబ్ కూడా తన సహాయ పేజీల్లో చెబుతుంది, తెరని బట్టి తన ప్లేయరే సర్దుకుంటుందని. కంప్యూటర్లో యూట్యూబ్ ప్లేయర్ వీడియో ఆకారాన్ని బట్టి మారడం 2018లో మొదలైంది. పెళ్లి సినిమాకి వెండితెర కళ రావాలని పైనా కిందా సన్నని నల్ల గీతలు అచ్చు వేసేవాళ్లకి కూడా ఇదే మాట వర్తిస్తుంది, వాళ్లతో వాదించి అలిసిపోయాను.

చదరం సంగతి చాలామంది మరిచిపోయారు. ఇన్‌స్టాగ్రామ్ పుట్టినప్పుడు చదరమే ఉండేది, 2015 ఆగస్టులో నిలువూ అడ్డమూ రానిచ్చారు. చదరానికి ఒక మంచి గుణం ఉంది. దాన్ని కోసేవాళ్లు తక్కువ. రీల్ తెరలో పెడితే పైనా కిందా 420 వరసల చొప్పున ఖాళీ, టీవీలో పెడితే పక్కల ఖాళీ, ఫీడులో మొత్తం కనబడుతుంది. ఎక్కడా పూర్తిగా నిండదు, ఎక్కడా పెద్దగా పోదు. ప్రొఫైల్లో 3:4 గళ్లు వచ్చాక మాత్రం అక్కడ పక్కలనుంచి పావు వంతు పోతోంది.

తప్పెటగుళ్ళకి నేను చాలాసార్లు చదరమే వాడతాను. రేకు తప్పెటలు గుండెలకి కట్టుకుని, కాళ్ల గజ్జెలతో గుండ్రంగా తిరిగే ఆట అది. పదిహేను ఇరవై మంది ఉంటారు. నిలువు ఫ్రేములో పట్టేది నలుగురే, కింద నేల, పైన చెట్లు. అడ్డం ఫ్రేములో వరస పడుతుంది గానీ ఒకరి మీద ఒకరు ఎక్కి నిలబడే విన్యాసం వచ్చినప్పుడు పై మనిషి తల తెగుతుంది. చదరంలో గుండ్రమూ పడుతుంది, ఎత్తూ పడుతుంది.

కానీ చదరానికి యూట్యూబ్‌లో ఒక మెలిక ఉంది. 2024 అక్టోబరు 15 నుంచి ఎక్కించే వీడియోల్లో, మూడు నిమిషాల లోపు ఉండి, ఆకారం చదరం గానీ నిలువు గానీ అయితే, అది షార్ట్ కిందే లెక్క. చదరం కూడా అందులో చేరుతుందని చాలామంది గమనించలేదు. తప్పెటగుళ్ళ బృందం గురువు ఒకాయన నాకు ఫోన్ చేసి, "బాబూ, మా వీడియో పేజీలో ఎక్కడా కనబడతం లేదు" అన్నారు. వీడియోల వరసలో వెతుకుతున్నారు, అది షార్ట్స్ వరసలో ఉంది. రెండున్నర నిమిషాల చదరం. దాన్ని మామూలు వీడియోల్లో ఉంచాలంటే మూడు నిమిషాలు దాటించాలి, లేదా అడ్డంగా ఎక్కించాలి. ప్రదర్శన పూర్తిగా చూపించడానికైతే అడ్డమే సరి, ఎవరైనా ఆటకి పిలవాలనుకునేవాళ్లు వెతికేది దాన్నే. జనానికి కొత్తగా కనబడాలంటే షార్ట్ మేలు. ఈ ఒక్క చోట నా మేనల్లుడి పక్షానికి బలం ఉందని ఒప్పుకుంటాను. మసక పట్టీలు వేసి నిలువు చేసిన ఫైలు కూడా మూడు నిమిషాల లోపైతే షార్టే అవుతుంది, యూట్యూబ్ చూసేది ఫైలు కొలతని, లోపలి బొమ్మని కాదు. కొత్త జనం కావాలనుకున్నవాడు కావాలనే అలా చేస్తాడు.

వాట్సాప్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. చాట్‌లో చిన్న బొమ్మని కోసి చూపిస్తుంది, నొక్కితే మొత్తం వస్తుంది, స్టేటస్‌లో పట్టీలతో మొత్తం చూపిస్తుంది. అక్కడ పోయేది ఆకారం కాదు, నాణ్యత. అది వేరే వ్యాసం.

ఇప్పటి ఫోన్ల తెరలు 9:16 కన్నా పొడుగ్గా, 20:9 దగ్గర ఉంటున్నాయన్నది మాత్రం గుర్తుంచుకోవాల్సిన సంగతి. 1080కి 2400 తెరలో మన 1920 పోగా 480 మిగులుతుంది. అక్కడ కామెంటు గడో బటన్ల వరసో పెడితే సరే. అలా కాక వీడియోని పెంచి తెర నింపే ప్లేయర్ అయితే పక్కలనుంచి తెర లెక్కలో 135 పిక్సెళ్ల చొప్పున పోతాయి. పక్క అంచుకి ఆనించి పేర్లు రాస్తే మొదటి అక్షరం ఎగిరిపోవడం ఇందుకే.

మరి సిరిమానుని రీల్‌లో ఎలా చూపించాలి? నేను చేసే పద్ధతి ఇది. 4కేలో అడ్డంగా తీస్తాను, 3840కి 2160. అందులో నిలువు కిటికీకి 1215 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది, రీల్‌కి కావాల్సిన 1080 కన్నా ఎక్కువే, కాబట్టి మసక రాదు. ఎడిటింగ్‌లో ఆ కిటికీని నేనే జరుపుతాను. పూజారి దగ్గర మొదలుపెట్టి, మాను వెంబడి మెల్లగా కిందికి, బండి దాకా. అయిదారు సెకన్లు పడుతుంది. ఒకవైపుకే, మళ్లీ వెనక్కి తేను, అటూ ఇటూ ఊపితే చూసేవాడికి కళ్లు తిరుగుతాయి. వీఎన్, కైన్‌మాస్టర్ లాంటి ఫోను యాపుల్లో కూడా కీఫ్రేములతో ఇది కుదురుతుంది.

ఇందులో ఒక లోటు ఉంది. పూజారీ బండీ ఒకే క్షణంలో కలిసి కనబడవు. ఎంత పొడుగు మాను, ఆ మనిషి నేలకి ఎంత ఎత్తున ఉన్నారు అన్న అబ్బురం విడివిడిగా చూస్తే సగమైపోతుంది. అందుకని ఆ జరుపుడుకి ముందు రెండు మూడు సెకన్లు మొత్తం అడ్డం బొమ్మని పట్టీలతోనే చూపిస్తాను. సరిగ్గా నడుమ పెడితే అది 656 నుంచి 1264 వరస దాకా వస్తుంది. ఫీడు 4:5కి కోసినా దానికి ఏమీ కాదు, కింద పేరూ బటన్లూ వచ్చినా దాదాపు తగలవు. ఏమైనా రాయాలంటే బొమ్మకి పైనున్న పట్టీలో, 285 వరసకి కిందగా రాస్తాను. ఈ రీల్ ఒక ఫైలు. పట్టీలేవీ లేని అడ్డం వీడియో వేరే ఫైలు, యూట్యూబ్‌కీ టీవీకీ అదే, దాచుకునేదీ అదే.

రెండు ఫైళ్లు చెయ్యడం రెట్టింపు పని అంటాడు మేనల్లుడు. రెట్టింపు కాదు గానీ పనే. వాడు ఇంకొకటి కూడా అన్నాడు, అది కొట్టిపారెయ్యలేను. "నువ్వు మేడ మీదనుంచి 4కేలో తీస్తావు. కింద జనంలో ఉన్నవాడికి మేడా లేదు, 4కే నింపుకునే మెమొరీ లేదు." నిజమే. కింద ఉన్నవాడు నిలువుగానే తియ్యనీ, పైనా కిందా చోటు వదిలి తీస్తే చాలు. జనం చేతులు, మీదికి విసిరే అరటిపండ్లు, తల పైకెత్తితే కనబడే కొస, ఇవి నిలువులోనే బాగుంటాయి, మేడ మీదనుంచి నాకు దొరకవు. అడ్డమే గొప్పదని నేను ఎప్పుడూ అనలేదు. ఒకదాన్ని తీసి ఇంకోదానిలా నటింపజెయ్యొద్దంటున్నాను.

పైగా సిరిమాను ఒక్కసారి వెళ్లిపోయేది కాదు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మొదటి తిరుగుడులో అడ్డంగా, కదలకుండా, మొదలూ కొసా రెండూ ఫ్రేములో ఉండేలా తియ్యండి. రెండోసారి ఫోను నిలువు చేసి, పూజారి తల మీద ఫ్రేములో ఆరో వంతు కన్నా ఎక్కువ ఆకాశం వదిలి తియ్యండి, అంత వదిలితే ఫీడు కోతకి ఆయన దొరకరు. మూడోసారికి వెలుతురు తగ్గుతుంది, అప్పుడు ఫోను జేబులో పెట్టుకున్నా నష్టం లేదు.